ఫొటోలో సంతకం: సిరా, ఒత్తు, చోటు (ప్రాజెక్టు డైరీ)

మొదటి వారం: బల్ల మీదికి వచ్చినవి

వచ్చినవి రెండు వస్తువులు. వస్తువులంటే వస్తువులు కావు, వాటి ఫొటోలు. మొదటిది 6×8 అంగుళాల నలుపు తెలుపు స్టిల్. దాని మీద నీలి రంగులో ఉన్నది సావిత్రి సంతకమని అమ్మకందారు మాట. రెండోది 1960ల్లో అచ్చయిన శ్రీశ్రీ కవితల పుస్తకం. టైటిల్ పేజీ మీద నాలుగు వరుసల కానుక రాత, దాని కింద ఆయన సంతకం. రెండూ ఊరు దాటి ఉన్నాయి, చేతికి రావు. ఆ సంతకాలు వాళ్లవేనని నమ్మొచ్చో లేదో ఫొటోలు చూసే చెప్పాలి.

అక్షరాల తీరు ముందే పక్కన పెట్టేశాం. దొంగ సంతకం పెట్టేవాడు మొదట నేర్చుకునేది అదే. నమూనాలకు కరువు లేదు. శ్రీశ్రీ విషయంలో మరీ తేలిక: 1981లో లండన్‌లో ‘మహాప్రస్థానం’ ఆయన సొంత దస్తూరితోనే అచ్చయింది. పుస్తకం మొత్తం నమూనాగా దొరికాక అక్షరం ఒంపు చూసి ‘ఆయనదే’ అనడానికి అర్థం లేదు. వాడికి అంత సులువుగా చేతికి రానివి మూడు. ఆనాటి సిరా ఆనాటి కాగితం మీద ఎలా ఆరుతుంది, చెయ్యి ఎక్కడ ఒత్తుతుంది, ఎక్కడ తేలిపోతుంది, రాసేవాడు ఆ పేజీలో ఆ చోటే ఎందుకు ఎంచుకున్నాడు. ఈ పనంతా ఆ మూడింటి మీదే.

తీర్పుకు మూడు మాటలే పెట్టుకున్నాం: ‘కుదరదు’, ‘అడ్డు కనిపించలేదు’, ‘ఫొటో చాలదు’. ‘అసలుది’ అనే మాట జాబితాలో లేదు. ఒక సంతకం ఆ మనిషిది కాదని ఫొటో చూసి ఒక్కోసారి గట్టిగా చెప్పొచ్చు. ఆ మనిషిదే అని మాత్రం చెప్పలేం.

మొదటి వారం, చివర: వచ్చిన ఫొటోలు ఎందుకు పనికిరాలేదు

స్టిల్ ఫొటో మెసేజింగ్ యాప్‌లో వచ్చింది. వెడల్పు 1600 పిక్సెళ్లు, అందులో స్టిల్ పొడవు 8 అంగుళాలూ, అంటే దాదాపు 200 మిల్లీమీటర్లూ ఇమిడిపోయింది. మిల్లీమీటరుకు 8 పిక్సెళ్లు. బాల్‌పెన్ను గీత మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు కాబట్టి గీత అడ్డంగా మూడు పిక్సెళ్లకు మించదు. మూడు పిక్సెళ్లలో సిరా నడక కనబడదు, రంగు మాత్రమే కనబడుతుంది. ఆ రంగు కూడా నమ్మదగ్గది కాదు, ఫోన్ తనకు తోచినట్టు సవరించేస్తుంది.

గీత అడ్డంగా కనీసం 20 పిక్సెళ్లు కావాలని హద్దు పెట్టుకున్నాం. 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో తీసే ఫోనుతో 8 సెంటీమీటర్ల మేర మాత్రమే ఫ్రేములో ఉంచితే మిల్లీమీటరుకు 50 పిక్సెళ్లు వస్తాయి, గీతకు సరిగ్గా 20. మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ పడదు, కాబట్టి కాస్త వెనక్కి జరిగి, ఆ 8 సెంటీమీటర్లే ఫ్రేములో ఉండేలా జూమ్‌తో తీయడం మేలు.

ఇద్దరికీ ఒకే జాబితా పంపాం. వస్తువు ముందు వైపు మొత్తం, వెనక వైపు మొత్తం. సంతకం దగ్గరగా, పక్కన రూపాయి నాణెంతో. చీకటి గదిలో ఎడమ నుంచి టార్చి వేసి ఒకటి, కుడి నుంచి వేసి ఒకటి. కిటికీ వెలుతురు సంతకం మీద మెరిసేలా వాల్చి మరొకటి. పుస్తకమైతే దానికి ఎదురు పేజీ, ఆ ఆకు వెనక వైపు, ముద్రణ వివరాల పేజీ. అన్నీ ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే యాప్ మళ్లీ కుదించేస్తుంది. స్కానింగ్ యాప్ వాడొద్దని విడిగా రాశాం. అది కాగితాన్ని తెల్లగా చేసి, సిరాను నల్లగా చేసి, మనకు కావలసినవన్నీ చెరిపేస్తుంది.

రెండో వారం: పరీక్ష షీట్లు

ఫొటోలు వచ్చేలోగా పోల్చుకోవడానికి సొంత నమూనాలు కావాలి. ఏ కలంతో ఏ కాగితం మీద రాశామో తెలిసిన రాతలు. కలాలు ఆరు: రాయల్ బ్లూ సిరా పోసిన పాళీ కలం, బ్లూ బ్లాక్ సిరా పోసిన పాళీ కలం, బాల్‌పెన్ను, జెల్‌పెన్ను, స్కెచ్‌పెన్ను, పర్మనెంట్ మార్కర్. కాగితాలు నాలుగు: స్టూడియోల పాత నలుపు తెలుపు ఫొటోలు, ప్లాస్టిక్ పూత ఉన్న రంగుల ఫొటో కాగితం, పాత పుస్తకం ఖాళీ ఆకు, కొత్త పుస్తకం ఖాళీ ఆకు. పాత ఆకుల కోసం మంచి పుస్తకాల జోలికి పోనక్కర్లేదు. అబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో అట్టలు పోయి, సగం పేజీలు ఊడిన పుస్తకాలు దొరుకుతాయి. వాటి మొదటా చివరా ఖాళీ ఆకులు చాలు.

రాసిన మాట ‘వెంకటరమణ’. ఏ ప్రముఖుడి పేరూ రాయలేదు, పరీక్ష కాగితాలు రేపు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. ఆ మాటలో ఒక సున్న ఉంది, క, ర, మ మీద మూడు తలకట్లున్నాయి, ట, ణ లాంటి తలకట్టు లేని గుండ్రటి అక్షరాలున్నాయి. వాటితో పని పడుతుంది.

బాల్‌పెన్ను సిరా నూనెలో కలిపిన జిగట ముద్ద. గుండు దొర్లుతూ దాన్ని కాగితానికి పూస్తుంది. ఒంపు తిరిగేటప్పుడు గుండు అంచున సిరా పేరుకుంటుంది, ఒంపు దాటగానే బొట్టుగా దిగుతుంది. కాబట్టి బొట్టు ఎటు ఉందో చూస్తే చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో తెలుస్తుంది. ఇంకో గుర్తు గీతలోని సన్నటి తెల్ల చారలు. ఇవి ఒంపు లోపలి అంచు దగ్గర మొదలై, కలం వెళ్లే దిక్కుగా ఏటవాలుగా సాగుతూ బయటి అంచుకు చేరతాయి. సున్న దగ్గర ఇది బాగా పనికొస్తుంది. కొందరు సున్నను కుడి చేతి వాటంగా గడియారం తిరిగినట్టు చుడతారు, కొందరు ఎదురు తిప్పుతారు. ఒక మనిషి అలవాటు మారడం అరుదు. దొంగ సంతకంలో సున్న ఆకారం సరిగ్గా ఉండి, తిప్పిన దిక్కు తప్పి ఉండొచ్చు. ఆకారం చూసి కాపీ కొట్టేవాడికి దిక్కు కనబడదు కదా.

పాత ఫొటో కాగితం మీద నిగనిగలాడే పొర జెలటిన్. దాని మీద బాల్‌పెన్ను మొదట జారుతుంది, పట్టు దొరికేదాకా మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు గీత పడదు, గాడి మాత్రం పడుతుంది. సిరా లేని ఆ గాడి మాకు నచ్చిన గుర్తు. పాళీ కలం సిరాలో ఉండేది నీళ్లు. అది జెలటిన్‌లోకి మెల్లగా ఇంకుతుంది, ఆరాక గీత ఎత్తుగా ఉండదు. మరీ నున్నటి కాగితమైతే ఇంకే లోపే ముత్యాల్లా విడిపోతుంది.

మార్కర్ ఇంకదు, పైన పొరలా ఆరుతుంది. నల్ల మార్కర్ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట వెలుతురు మెరిసేలా వాలిస్తే ఊదా, రాగి కలిసిన మెరుపు కనిపించింది. అదే మార్కర్ పాత పుస్తకం ఆకు మీద అవతలి పేజీలోకి దిగిపోయింది. స్కెచ్‌పెన్ను గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు, తడి వేలు తగిలితే ఊడుతుంది.

జెల్‌పెన్నులో సిరా నీళ్లదే, చిక్కగా ఉంటుంది. చాలా జెల్ సిరాల్లో రంగు కరిగి ఉండదు, సన్నటి పొడిగా తేలుతుంది. గీతలో చారలుండవు, ఒంపు దాటాక బొట్టు దిగదు. గుండు నడిచిన మధ్యభాగం కాస్త పలుచగా, రెండు అంచులూ కాస్త ముదురుగా ఉంటాయి. ఇదే లక్షణం నీళ్ల సిరా రోలర్‌బాల్‌లోనూ ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి, దాని ఒక్కదాని మీదే తీర్పు నిలబడదు.

పాత పుస్తకం ఆకు అసలు విశేషం చూపించింది. కాగితానికి తయారీలోనే ఒక జిగురు పడుతుంది, సిరా పాకకుండా ఆపేది అదే. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా పుల్లబారి పసుపెక్కిన కాగితంలో, ఆ జిగురు చస్తుంది. అలాంటి ఆకు మీద ఇవాళ పాళీ కలంతో రాస్తే సిరా నారల వెంట పాకి గీతకు రెండు వైపులా ఈనెలు తేలతాయి. అదే ఆకు కొత్తగా ఉన్నప్పుడు రాసిన రాత గీసినట్టు ఉంటుంది. తేమ మరకల దగ్గర ఇది మరీ స్పష్టం. మరక మీద పాకి, మరక పక్కన పాకకపోతే, మరక పడ్డాకే రాశారన్నమాట. నూనె సిరా కాబట్టి బాల్‌పెన్ను పాకదు, ఈ పరీక్ష దానికి వర్తించదు.

మూడో వారం: ఒత్తు చూడటం

ఒత్తు చూడాలంటే ఏటవాలు వెలుతురు కావాలి. టార్చిని వస్తువుకు 30 సెంటీమీటర్ల దూరంలో, బల్ల మీద నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే వెలుతురు సుమారు 11 డిగ్రీల వాలులో పడుతుంది. 20 డిగ్రీలు దాటితే గాడులు మాయమవుతాయి. 5 డిగ్రీల కంటే తగ్గితే కాగితం గరుకంతా కొండల్లా లేచి సంతకం అందులో కలిసిపోతుంది.

ఎడమ నుంచి వెలుతురు పడినప్పుడు గాడికి ఎడమ గోడ నీడలో ఉంటుంది, కుడి గోడ మెరుస్తుంది. కాగితం మీద పొరలా నిలిచిన పెయింటు అయితే సరిగ్గా తిరగబడుతుంది: ఎడమ అంచు మెరుస్తుంది, కుడి అంచు నీడ. టార్చి కుడికి మారిస్తే ఇవి తారుమారు కావాలి. కాకపోతే అది నీడ కాదు, ఫోన్ పెట్టిన అంచు.

ఫోన్లు ఫొటోను పదును చేసేటప్పుడు ముదురు గీతకు రెండు వైపులా తెల్లటి అంచు పెడతాయి. అది అచ్చం గాడిలాగే ఉంటుంది. మొదటి నాలుగు పరీక్ష ఫొటోల్లో ‘లోతైన గాడి’ అని రాసుకున్నవి రెండు అలాంటివే. జెల్‌పెన్నుతో ఒత్తకుండా రాసిన షీట్లవి. ఆ తర్వాత నుంచి ఒక్క ఫొటోతో ఒత్తు మీద ఏమీ రాయకూడదని నియమం.

ఫోనును కదలకుండా పుస్తకాల దొంతర మీద పెట్టి, టార్చి మాత్రం అటూ ఇటూ మార్చి తీసిన జంట ఫొటోలుంటే, ImageMagick అనే ప్రోగ్రాంతో ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేయొచ్చు:

```
magick left.jpg right.jpg -colorspace Gray \
  -compose difference -composite \
  -auto-level diff.png
```

రెండింటిలోనూ సిరా రంగు ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. నీడలు దిక్కు మారాయి కాబట్టి మిగులుతాయి. ఒక మూల నుంచి మరో మూలకు పరుచుకున్న వెలుగు తేడా కూడా మిగులుతుంది గానీ అది మబ్బులా ఉంటుంది, గాడి గీతలా ఉంటుంది, పొరపడే అవకాశం తక్కువ. ఫోను ఒక్క వెంట్రుకవాసి కదిలినా అంతా పాడు: సంతకం పూర్తిగా రెండు అంచుల బొమ్మలా వస్తుంది. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ ఆపేయాలి. అవి నీడల్ని పైకి లేపుతాయి, మనం వెతుకుతున్నది ఆ నీడల్నే. కాగితం వంకర తిరిగి ఉంటే నాలుగు మూలలా నాణేలు పెట్టాలి. పైన గాజు పలక పెడితే అద్దమంతా టార్చి మెరుపే.

తర్వాత వేగం పరీక్ష. ‘వెంకటరమణ’ను బాల్‌పెన్నుతో ఒక సెకను పైచిలుకులో సంతకంలా గిలికి ఒకటి, దాన్నే చూస్తూ ఎనిమిది సెకన్లు తీసుకుని బొమ్మ గీసినట్టు ఒకటి. కంటికి రెండూ ఒకేలా వచ్చిన జంటలే ఉంచుకున్నాం.

తేడా మొదళ్లలో, చివరల్లో దొరికింది. వేగంగా రాసినప్పుడు కలం కదులుతూనే కాగితం మీద దిగుతుంది, కదులుతూనే లేస్తుంది. గీత రెండు కొనలూ తోకలా సన్నబడతాయి. మెల్లగా గీసినప్పుడు కలం దిగి, ఆగి, కదులుతుంది. మొదట్లో మొద్దు చుక్క, చివర మరో చుక్క. ఒత్తు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. వేగంగా రాసిన గాడి మాత్రం కిందికి దిగే గీతల్లో లోతుగా, పైకి లేచే గీతల్లో పలుచగా ఉంది.

ఇవి ఏ లిపికైనా వర్తిస్తాయి. తెలుగు సంతకంలో అదనంగా తలకట్టు ఉంది. వేగంగా సంతకం పెట్టేవాడు తలకట్టు విడిగా పెట్టడు. అక్షరం పైన చెయ్యి ఎగిరి ఒక చురుకు గీత పడుతుంది, చాలాసార్లు అదే పక్క అక్షరంలోకి జారిపోతుంది. మా జంటల్లో వేగపు రాతలో క మీది తలకట్టు తోక ట మొదలును తాకింది. మెల్లగా గీసినదాంట్లో మూడు తలకట్లూ విడివిడిగా, రెండు కొనలా మొద్దుగా, బడిలో దిద్దినట్టు నిలబడ్డాయి. ఆకారం అచ్చంగా దించినవాడు కూడా తలకట్టు దగ్గర ఆగుతాడు, ఎందుకంటే దాన్ని ‘పెట్టాలి’ అని అతనికి గుర్తుంటుంది.

దీనికి హద్దు ఉంది. ముసలితనంలో, జబ్బులో నిజమైన మనిషే మెల్లగా, వణుకుతూ రాస్తాడు. వణుకు ఒక్కటే ఉంటే ‘కుదరదు’ అనం. వణుకుతున్న గీతకు కొనలు తోకల్లా ఉంటే అది జబ్బు చెయ్యి కావచ్చు. కొనలు మొద్దుగా, మధ్యలో అర్థంలేని చోట కలం ఎత్తి అతికినట్టు ఉంటే అనుమానమే.

ఒత్తే లేని సంతకాలు రెండు రకాలు. ఒకటి రబ్బరు ముద్ర: సిరా అంచులకు తోసుకుపోయి అంచు ముదురుగా, మధ్య పలుచగా ఉంటుంది, గీత వెంట ఎక్కడా సన్నబడదు. రెండోది ఫొటోతోపాటే వచ్చిన సంతకం. అభిమానులకు పోస్టులో పంపడానికి సంతకంతో సహా వందల కొద్దీ కాపీలు తీయించడం మామూలే. కిటికీ వెలుతురులో వాల్చితే తెలిసిపోతుంది: మెరుపు సంతకం మీద నుంచి ఎక్కడా ఆగకుండా, విరగకుండా సాగిపోతుంది. అచ్చుయంత్రం మీద వేసినదైతే సంతకం గీతే చుక్కచుక్కలుగా విడిపోతుంది. ఇవి మోసం కోసం చేసినవి కావు, అమ్మేటప్పుడు చెప్పే మాటే మోసం.

నాలుగో వారం: స్టిల్

కొత్త ఫొటోలు ఏడు వచ్చాయి, రెండు మసక. మిగతా ఐదూ చాలు.

స్టిల్ కాగితం మీద ఫిర్యాదు లేదు. వెనక వైపు కాగితపు నారే, ప్లాస్టిక్ పూత లేదు, అంచులు ముడుచుకున్నాయి, జెలటిన్ పొరలో కుడి దిగువ మూల నుంచి మూడు పగుళ్లు. పాత ప్రింటే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఫొటో పాతదైతే సంతకమూ పాతదే అనుకుంటారు. పాత స్టిల్ దొరకడం కష్టం కాదు, దాని మీద కొత్త సంతకం పెట్టడం ఇంకా సులువు.

సంతకం కుడి దిగువన ఏటవాలుగా ఉంది. మొదటి సగం లేత బూడిదరంగు గోడ మీద, రెండో సగం ముదురు చీర మడతల మీద. సంతకం కనబడాలని పెట్టే మనిషి ముదురు సిరా చేతిలో ఉంటే లేత చోటు వెతుక్కుంటుంది. ఈ స్టిల్‌లో ఎడమ పక్క ఖాళీ గోడ బోలెడుంది. అలా అని చోటు ఒక్కటే తీర్పు కాదు, తొందరలో ఎక్కడైనా పెట్టేయొచ్చు. అయితే చోటు వల్ల మనకు ఒక మేలు జరిగింది.

చీర మడతల మీద గీత నీలంగానే కనబడుతోంది. వెనకున్న నలుపు కంటే లేతగా! పాళీ కలం సిరా, బాల్‌పెన్ను సిరా అద్దంలాంటివి, వాటి గుండా కింది నలుపు కనబడుతుంది. నలుపు మీద నీలం రంగు రాస్తే నలుపే మిగులుతుంది. మా పరీక్ష షీట్లలో, పాత ఫొటోలోని నల్లటి జుట్టు మీద బాల్‌పెన్నుతో రాసింది ఎదురుగా చూస్తే దాదాపు కనబడలేదు. మెరుపు పడితే మాత్రం రాగి రంగులో కనబడుతుంది, కాబట్టి మెరుపు లేని ఫొటోలో కూడా చూశాం. అందులోనూ లేత నీలమే. అంటే సిరా కింది నలుపును కప్పేస్తోంది, పొడి రంగు కలిపిన సిరా.

నాణెంతో కొలిస్తే గీత మందం 0.35 మిల్లీమీటర్ల దగ్గర, మొదటి నుంచి చివరిదాకా పెద్దగా మారలేదు. పోస్టర్ కలర్‌లో పాళీ ముంచి రాసి ఉండొచ్చుగా అని అడగొచ్చు. అలా రాసి చూశాం. పాళీ కొన విచ్చుకున్నచోట గీత లావవుతుంది, ముంచిన ప్రతిసారీ మొదట్లో ముద్ద, చివర ఎండిపోవడం. ఆరాక పొరలా పైకి నిలిచి, ఏటవాలు వెలుతురులో ఎడమ అంచు మెరుస్తుంది. స్టిల్ మీది గీతలో ఇవేవీ లేవు. మధ్య పలుచగా, అంచులు ముదురుగా గుండు నడిచిన బాట ఉంది. సన్నటి గుండు, నీళ్ల సిరా, కింది రంగును కప్పే పొడి: మూడూ కలిస్తే జెల్‌పెన్నే.

జెల్ సిరాను జపాన్‌లో సకురా కంపెనీ తెచ్చింది 1984లో. సావిత్రి కన్నుమూసింది 1981 డిసెంబరు 26న.

ఇంకో గుర్తు దానంతట అదే దొరికింది. సంతకం చివరి గీత మూల నుంచి వచ్చిన పగులును దాటుతోంది. పగులు ముందుగా ఉంటే గీత దాని దగ్గర తొట్రుపడి, సిరా పగులు వెంట వెంట్రుకలా పాకుతుంది. సంతకం ముందుగా ఉంటే గీత చక్కగా రెండు ముక్కలై, పగులులో తెల్లటి కాగితం కనబడుతుంది. ఇక్కడ పగులు లోపలికి మూడొంతుల మిల్లీమీటరు మేర నీలం పాకింది. ప్రింటు ముసలిదయ్యాకే సంతకం పడింది.

తీర్పు: కుదరదు. అమ్మకందారుకు కారణాలన్నీ ఫొటోల మీద గుర్తులు పెట్టి పంపాం. ఆయన ‘అప్పట్లో ఫారిన్ పెన్నులుండేవి’ అని జవాబిచ్చాడు. ఉండేవే. అప్పటికి పుట్టని పెన్ను ఫారిన్‌లోనూ ఉండదు.

ఐదో వారం: పుస్తకం

దీనికి ఎక్కువ సమయం పట్టింది. ఎందుకంటే సగం నిజం.

టైటిల్ పేజీ పై సగంలో నాలుగు వరుసలు, బ్లూ బ్లాక్ సిరా, గోధుమరంగుకు తిరిగింది: ‘చి॥’ అని మొదలై ఒక పేరు, ‘కి సంక్రాంతి కానుకగా’, ‘ఆశీస్సులతో’, 1966. ఇచ్చినవారి పేరు లేదు. దాని కింద రెండు వేళ్ల ఖాళీ వదిలి, పేజీ కుడి చివర, సంతకం. ముద్రణ సంవత్సరం కానుక తేదీ కంటే ముందే, అక్కడ చిక్కు లేదు.

మొదట మాటలు చూడాలి. ‘చి॥’, ‘ఆశీస్సులతో’, పండగ కానుక: ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకు రాసే తీరిది. రచయిత పాఠకుడికి రాసి ఇస్తే ‘గారికి’, ‘అభిమానంతో’ లాంటివి ఎదురుచూస్తాం. తెలిసినవాళ్ల పిల్లాడికి కవే ఆశీస్సులు రాసి ఉండొచ్చు, కాదనలేం. అయితే తన పుస్తకాన్ని ‘సంక్రాంతి కానుక’ అనడం కొనిచ్చినవాళ్ల మాటలా ఉంది.

తర్వాత సిరా. కానుక రాత అంచులు గీసినట్టు ఉన్నాయి, పాకలేదు. పాత బ్లూ బ్లాక్ సిరాల్లో ఇనుము ఉండేది. అది గాలికి నల్లబడి, ఏళ్లు గడిచాక గోధుమరంగుకు దిగుతుంది, ఎదురు పేజీని కూడా తాకి మచ్చ చేస్తుంది. ఎదురు పేజీ ఫొటోలో నాలుగు వరుసల అద్దపు నీడ లేత గోధుమరంగులో కనిపించింది. సంతకం నీడ మాత్రం లేదు. ఒకే కలంతో ఒకేసారి రాస్తే నాలుగు వరుసలకు పడ్డ నీడ ఐదో వరుసకు పడకపోవడం ఎలా? మొదటి అనుమానం అక్కడ.

నీడ లేకపోవడం ఒక్కటే చాలదు. సంతకాన్ని వేరే సిరాతో పెట్టి ఉండొచ్చు, ఆ సిరాలో ఇనుము ఉండకపోవచ్చు. అందుకే సంతకం అంచులు చూశాం. గీతకు రెండు వైపులా ఈనెలు. మన పాత ఆకు పరీక్ష షీటులో కొత్త సిరా చేసినట్టే. రెండో అక్షరం ఒక గోధుమ తేమ మచ్చ అంచును దాటుతుంది. మచ్చ లోపల ఈనెలు రెట్టింపు పొడవు, మచ్చ బయట కురచ. కానుక రాత మూడో వరుస కూడా అదే మచ్చ కొసను తాకుతోంది, అక్కడ ఒక్క ఈనె లేదు. కాగితం బాగున్నప్పుడు ఒక చెయ్యి, కాగితం చచ్చి మచ్చ పడ్డాక మరో చెయ్యి.

ఒత్తులో కొత్తగా తెలిసింది తక్కువ, పాళీ కలం పెద్దగా గాడి చేయదు. కానుక రాతలో కింది గీతల దగ్గర పాళీ విచ్చుకున్న జంట చారలు కనిపించాయి, సంతకంలో అవి లేవు. కొనల దగ్గర సిరా మడుగు కట్టింది, అంటే కలం అక్కడ ఆగింది. పాత కాగితం మీద ఎంత చురుగ్గా రాసినా కొంత మడుగు కడుతుంది కాబట్టి దీన్ని లెక్కలో వేయలేదు.

చోటు కూడా అదే చెబుతోంది. పై రాత ఎడమ అంచు నుంచి మొదలై, పుస్తకం కుట్టు వైపు పేజీ ఉబ్బిన చోట వరుస కొద్దిగా పైకి వంగింది. తెరిచిన పుస్తకం మీద చెయ్యి ఆనించి రాస్తే అలా అవుతుంది. సంతకం వరుస మాత్రం రూళ్లకర్ర పెట్టినట్టు అడ్డంగా ఉంది. కానుక రాసిన మనిషి పేరు పెట్టుకోకుండా వదిలేసిన ఖాళీ కనిపించింది, ఎవరో దాన్ని నింపారు.

తీర్పు రెండు ముక్కలుగా రాశాం. కానుక రాత 1966 నాటిదనడానికి అడ్డు కనిపించలేదు. సంతకం ఆ రాతతోపాటు పడిందనడం కుదరదు. అది ఎప్పుడు పడిందో ఫొటో చెప్పదు. శ్రీశ్రీ కన్నుమూసిన 1983 జూన్ 15కు ముందా తర్వాతా అన్నది కూడా ఈనెలను బట్టి తేల్చలేం. నాసిరకం కాగితం, తడి తగిలిన పుస్తకం పది పదిహేనేళ్లకే ఆ స్థితికి రావచ్చు. కాబట్టి ‘ఆయనది కాదు’ అని రాయలేదు. ‘1966 కానుకతో కలిపి అమ్మకూడదు, సంతకానికి ఫొటో చాలదు’ అని రాశాం. పుస్తకం యజమానికి ఇది నచ్చలేదు. ఒక రకంగా ఇది స్టిల్ కంటే చేదు కబురు: ఒక పిల్లాడికి ఇచ్చిన పండగ కానుకను అనుమానపు సరుకుగా మార్చేశారు.

మిగిలిన పని

జెల్, రోలర్‌బాల్ తేడా లేత నేపథ్యం మీద ఇంకా పట్టుబడటం లేదు. స్టిల్‌లో చీర నలుపు లేకపోతే మాకు దారి ఉండేది కాదు. రెండింటితో బూడిదరంగు ఫొటో కాగితం మీద కొత్త షీటు రాసి ఆరబెట్టాం. ఆరు కలాల షీట్లకూ సగం భాగం నల్ల అట్టతో మూసి దక్షిణపు కిటికీలో పెట్టాం, ఏది ఎంత వెలిసిపోతుందో నెలకోసారి అదే ఫోనుతో, అదే దూరం నుంచి ఫొటో. మొదటి ఫొటో తీసిన రోజు ఒకరు అట్ట మందం సరిపోలేదని గమనించారు, వెలుతురు అంచుల్లోంచి దూరుతోంది. రెండు పొరలు చేసి, టేపు వేసి, రోజుల లెక్క మళ్లీ సున్న నుంచి మొదలుపెట్టాం.